తొమ్మిదేళ్ల నాటి వాల్యుయేషన్‌తో నగల ఇన్సూరెన్స్: క్లెయిమ్ వస్తే ఏమవుతుంది?

ప్రశ్న: అమ్మ నాకిచ్చిన రాళ్ల నెక్లెస్, దానికి జత కమ్మలు ఉన్నాయి. తొమ్మిదేళ్ల కిందట వాల్యుయేషన్ చేయించి ఆ మొత్తానికే ఇన్సూరెన్స్ తీసుకున్నాం. ప్రీమియం ఏటా కడుతున్నాం. మళ్లీ వాల్యుయేషన్ చేయించాలా? ఎన్నేళ్లకోసారి? అసలు ఆ రిపోర్టులో ఏమేం ఉండాలి?

చేయించాలండి. అదీ వచ్చే రెన్యువల్ దాకా ఆగకుండా చేయించండి. నేను ఇరవై ఏళ్లకు పైగా నగలకు విలువ కట్టే పనిలో ఉన్నాను. అందులో చాలా కాలం ఇన్సూరెన్స్ క్లెయిముల్లో నగల విలువ తేల్చే పని చేశాను. పాలసీయే లేక నష్టపోయినవాళ్లకంటే, పాలసీ ఉండి కూడా పాత కాగితం వల్ల సగం డబ్బుతో వెనక్కి వెళ్లినవాళ్ల ముఖాలే నాకు ఎక్కువ గుర్తున్నాయి. ఏటా ప్రీమియం కట్టాం కదా, నగ పోతే అలాంటిదే మళ్లీ వస్తుందని వాళ్లు నమ్మి ఉంటారు.

వాల్యుయేషన్ రిపోర్టులో రెండు భాగాలుంటాయి. ఒకటి నగ వర్ణన, రెండోది దాని విలువ చెప్పే అంకె. వర్ణన సరిగ్గా రాసి ఉంటే, నగ మారనంత కాలం అది పాతబడదు. అంకె మాత్రం రిపోర్టు మీద వేసిన తేదీకే నిజం. మీరు తొమ్మిదేళ్లుగా ప్రీమియం కడుతున్నది ఆ పాత అంకె మీద. బంగారం సంగతే చూడండి. అంతర్జాతీయ మార్కెట్లో 2015 చివర ఔన్సు 1,060 డాలర్ల దగ్గర ఉన్న ధర 2020 ఆగస్టులో 2,000 దాటింది. 2025 మార్చిలో 3,000, అదే ఏడాది అక్టోబరులో 4,000 దాటింది. ఈ నడకను ఏ పాత రిపోర్టూ ముందుగా ఊహించి రాయలేదు.

మీ నగల వివరాలు నాకు తెలియవు కాబట్టి ఒక లెక్క అనుకుందాం. నెక్లెస్, కమ్మలు కలిపి 61 గ్రాముల బరువు. అందులో రాళ్లు మొత్తం 5 క్యారట్లు. ఒక క్యారట్ అంటే 0.2 గ్రాములు, కాబట్టి రాళ్ల బరువు 1 గ్రాము, బంగారం నికరంగా 60 గ్రాములు. అది 22 క్యారట్ల బంగారమైతే అందులో మేలిమి దాదాపు 55 గ్రాములు. (రాయికి క్యారట్ అంటే బరువు, బంగారానికి క్యారట్ అంటే స్వచ్ఛత. రిపోర్టులో ఈ రెండూ కలగాపులగమైపోవడం చాలాసార్లు చూశాను, మీ కాగితంలో కూడా గమనించండి.)

తొమ్మిదేళ్ల కిందట ఈ సెట్టు మొత్తం విలువ 100 అనుకుందాం. అందులో బంగారానిది 45, రాళ్లవి 40, మజూరీది 15. ఈలోగా బంగారం మూడింతలైంది, రాళ్లు కాస్త తగ్గాయి, మజూరీ రెట్టింపైంది అనుకుంటే ఇప్పుడు బంగారం 135, రాళ్లు 35, మజూరీ 30. మొత్తం 200. పాలసీలో మాత్రం ఇంకా 100 అనే ఉంది. సెట్టు మొత్తం పోతే మీకు వచ్చేది ఎక్కువలో ఎక్కువ 100. ఇది అందరికీ అర్థమయ్యే నష్టమే.

చాలామందికి తెలియనిది దీని తర్వాత వస్తుంది. సెట్టులో కొంత భాగమే పోయిందనుకోండి, దాని ఇప్పటి విలువ 60. పాలసీ 100 వరకు ఉంది కదా, 60 పూర్తిగా వస్తుందనే ఎవరైనా అనుకుంటారు. కానీ చాలా పాలసీల్లో యావరేజ్ అనే నిబంధన ఉంటుంది. మీరు అసలు విలువలో ఎంత వంతుకు ఇన్సూరెన్స్ చేశారో, ప్రతి నష్టంలోనూ అంత వంతే కంపెనీ ఇస్తుంది. 200 విలువైన సెట్టుకు 100కే ఇన్సూర్ చేశారు కాబట్టి మీ వంతు సగం. 60 పోతే చేతికొచ్చేది 30. మిగతా సగానికి మీరే బాధ్యులన్నమాట. మీ పాలసీలో ఈ నిబంధన ఉందో లేదో ఈరోజే చూడండి. యావరేజ్ అనే పేరుతో కాకుండా 'తక్కువ ఇన్సూరెన్స్' అనో, 'దామాషా ప్రకారం చెల్లింపు' అనో కూడా ఉండొచ్చు.

అదే సమయంలో ఇంకో విషయం చూడండి. నగ పోతే కంపెనీ ఏం ఇస్తానని ఒప్పుకుంది? కొన్ని పాలసీలు ముందే ఒప్పుకున్న విలువ మీద నడుస్తాయి. పాలసీలో రాసిన మొత్తాన్ని, నగ మొత్తం పోతే, మళ్లీ బేరం లేకుండా ఇస్తారు. ఎక్కువ పాలసీలు మాత్రం అలా ఉండవు. అలాంటి నగను మళ్లీ తెచ్చుకోవడానికి ఎంత ఖర్చవుతుందో అంతే, అదీ పాలసీలో రాసిన పరిమితి దాటకుండా ఇస్తారు. చాలాసార్లు డబ్బు బదులు తమకు తెలిసిన నగల వ్యాపారి దగ్గర అలాంటి నగ చేయించి ఇచ్చే హక్కు కూడా కంపెనీ దగ్గరే ఉంటుంది. ఆ వ్యాపారి కంపెనీకి తక్కువ ధరకే చేసిస్తాడు. కాబట్టి ఈ రకం పాలసీలో విలువ పెంచి రాయించుకోవడం వల్ల మీకు ఒరిగేదేమీ లేదు. పెంచిన అంకె మీద ఏటా ప్రీమియం కడతారు, నష్టం జరిగితే అసలు ఖర్చు మేరకే అందుతుంది. "కాస్త ఎక్కువ వేసి ఇవ్వండి" అని నన్ను అడిగేవాళ్లకు నేను ఒప్పుకోకపోవడానికి ఇదో ముఖ్య కారణం.

ఇల్లు, ఇంట్లో సామాను పాలసీలోనే నగలు కూడా కవర్ అవుతాయనుకునేవాళ్లకు ఒక్క మాట. అక్కడ నగల దొంగతనానికి విడిగా ఒక చిన్న పరిమితి, ఒక్కో వస్తువుకు ఇంకో పరిమితి పెట్టి ఉంటాయి. విలువైన నగను పేరుపేరునా, దాని విలువతో సహా షెడ్యూలులో రాయించుకుంటేనే ఆ పరిమితులు దాటగలం. అలా రాయించడానికే కంపెనీ వాల్యుయేషన్ అడుగుతుంది.

ఇక రిపోర్టులో ఏముండాలి అన్నది. నగ కళ్ల ముందు లేనప్పుడు, దాన్ని ఎన్నడూ చూడని మనిషి ఆ కాగితం ఒక్కటే పెట్టుకుని అలాంటిదే చేయించగలగాలి. మీ రిపోర్టును ఆ కళ్లతో ఒకసారి చదవండి.

దీన్ని నేను నేర్చుకున్న క్లెయిమ్ ఒకటి చెబుతాను. ఒకావిడ ఉంగరం పోగొట్టుకున్నారు. రిపోర్టులో "ఒక వజ్రపు ఉంగరం, సుమారు ఒక క్యారట్, మంచి నాణ్యత" అని, కింద ఒక పెద్ద అంకె ఉంది. అంతే. మంచి నాణ్యత అంటే ఏ రంగు, ఏ స్పష్టత? కంపెనీ ఒక క్యారట్ వజ్రంతో ఉంగరం చేయించి ఇచ్చింది. ఆమె అది పెట్టుకుని చూసి, ఇది నాది కాదు, నాది ఇంకా తెల్లగా మెరిసేది అన్నారు. ఆమె చెప్పింది నిజమేనని నేను ఇప్పటికీ నమ్ముతాను. నిరూపించడానికి మాత్రం ఆమె చేతిలో ఏమీ లేదు. ఒకే బరువున్న రెండు వజ్రాల ధరల్లో రంగు, స్పష్టత, కోత వల్ల ఎన్నో రెట్ల తేడా ఉండొచ్చు. ఆ రిపోర్టు రాసినవాళ్లు ఇంకో పది నిమిషాలు పెట్టి ఉంటే ఆమెకు ఆ బాధ ఉండేది కాదు.

కాబట్టి లోహం దగ్గర ఏ లోహం, ఎంత స్వచ్ఛత, హాల్‌మార్క్ ముద్రలో ఏముంది, మొత్తం బరువు ఎంత, రాళ్లు తీసేస్తే ఎంత అన్నవి ఉండాలి. మీరే ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. రాళ్ల మొత్తం క్యారట్లను 5తో భాగించి, దాన్ని నికర బరువుకు కలపండి. అది మొత్తం బరువుకు సరిపోవాలి. నగలో లక్క, పూసలు, దారం లాంటివి లేకపోయినా లెక్క కుదరడం లేదంటే, ఆ రిపోర్టులో ఎక్కడో పొరపాటుంది.

రాళ్ల దగ్గర ఒక్కో ముఖ్యమైన రాయికి ఆకారం, మిల్లీమీటర్లలో కొలతలు, బరువు, రంగు, స్పష్టత, కోత రాయాలి. చిన్న రాళ్లయితే ఎన్ని ఉన్నాయి, మొత్తం ఎన్ని క్యారట్లు, ఏ స్థాయివి అని కలిపి రాస్తే చాలు. కొలతలు ఎందుకంత ముఖ్యమంటే, నగలో బిగించి ఉన్న రాయిని తూచలేం. కొలిచి లెక్కగట్టాలి. గుండ్రటి వజ్రానికి వాడే లెక్క ఇది: వ్యాసం × వ్యాసం × లోతు × 0.0061. వ్యాసం 6.5 మిల్లీమీటర్లు, లోతు 4.0 అయితే 6.5 × 6.5 × 4.0 × 0.0061, అంటే సుమారు 1.03 క్యారట్లు. ఇలా లెక్కగట్టిన బరువు అంచనానే, తూచినది కాదు. రిపోర్టులో ఆ మాట స్పష్టంగా ఉండాలి. కొలతలు రాసి ఉంటే రేపు ఎవరైనా ఆ బరువును సరిచూసుకోగలరు.

రాయి సహజమైనదా, ల్యాబ్‌లో పెంచినదా అన్నది తప్పకుండా ఉండాలి. ఏమైనా ట్రీట్‌మెంట్ చేశారా అన్నదీ అంతే. కెంపులను, నీలాలను వేడి చేసి రంగు మెరుగుపరచడం, పచ్చల్లోని పగుళ్లను నూనెతో నింపడం మామూలే. కానీ పగుళ్లను సీసపు గాజుతో నింపిన కెంపుకూ, ఏమీ చేయని కెంపుకూ పైకి పోలిక కనిపించినా విలువలో పోలికే లేదు. "కెంపు, 2 క్యారట్లు" అని రాసి వదిలేస్తే ఆ రెండింటిలో ఏదైనా కావచ్చు. మామూలు భూతద్దంతో ఇవన్నీ తేలవు, కొన్నిటికి ల్యాబ్ పరీక్ష కావాలి. వాల్యూయర్ ఏం పరీక్షించారో, ఏది పరీక్షించలేకపోయారో కూడా రాయాలి. అలా రాసిన రిపోర్టునే నేను ఎక్కువ నమ్ముతాను.

ల్యాబ్ సర్టిఫికెట్ ఉంటే వాల్యుయేషన్ అక్కర్లేదని కొందరు అనుకుంటారు. రెండూ వేర్వేరు. జీఐఏ లాంటి ల్యాబ్ ఇచ్చే గ్రేడింగ్ రిపోర్టు రాయి లక్షణాలే చెబుతుంది, ధర చెప్పదు, నగ గురించీ చెప్పదు. వాల్యుయేషన్ ఆ లక్షణాలను తీసుకుని నగ మొత్తానికి విలువ కడుతుంది. సర్టిఫికెట్ ఉన్న రాయి అయితే దాని నంబరును వాల్యుయేషన్‌లో రాయించండి. చాలా వజ్రాల అంచు మీద ఆ నంబరు లేజర్‌తో చెక్కి ఉంటుంది. అది సరిపోయిందని వాల్యూయర్ చూసి రాస్తే ఇంకా మంచిది. దొరికిన నగ మీదేనని చెప్పడానికి కూడా అది పనికొస్తుంది.

ఇవి కాక నగ ముందు, వెనక, కొక్కెం, ముద్రలు కనిపించేలా ఫోటోలు ఉండాలి. పోతపోసి చేసిందా, చేత్తో చేసిందా, నగ ఇప్పుడు ఏ స్థితిలో ఉంది అన్నవీ ఉండాలి. చేతిపనితో చేసిన నగను పోతపోసిన నగ మజూరీతో మళ్లీ చేయించలేం.

చివరగా విలువ. ఒకే నగకు ఒకే రోజున మూడు నాలుగు విలువలుంటాయి. కొత్తగా చేయించుకుంటే అయ్యేది ఒకటి, ఇద్దరు మనుషుల మధ్య ఇష్టపూర్వకంగా అమ్ముడుపోయే ధర ఇంకొకటి, తొందరలో అమ్మితే వచ్చేది మరొకటి, కరిగిస్తే వచ్చేది అన్నిటికన్నా తక్కువ. ఇన్సూరెన్స్‌కు కావలసింది మొదటిది, అంటే కొత్తగా తెచ్చుకునే ఖర్చు, పన్నులతో సహా. రిపోర్టులో "ఇన్సూరెన్స్ కోసం, మళ్లీ తెచ్చుకునే విలువ" అని ప్రయోజనం రాసి, తేదీ వేయాలి. ఆస్తి పంపకాల కోసం చేయించిన వాల్యుయేషన్‌ను ఇన్సూరెన్స్‌కు ఇచ్చేవాళ్లు చాలామంది. అందులో ఉండేది సాధారణంగా అమ్మకం ధర. దానికి ఇన్సూర్ చేస్తే మొదటి రోజునుంచే తక్కువ ఇన్సూరెన్స్.

ఇంకో విన్నపం. లోహానికి ఎంత, రాళ్లకు ఎంత, మజూరీకి ఎంత అని విలువను విడదీసి ఇమ్మని అడగండి. చాలామంది వాల్యూయర్లు ఒకే అంకె ఇస్తారు, అడిగితే విడదీసి ఇస్తారు. అది చేతిలో ఉంటే, పైన నేను వేసిన లెక్క మీరే ఏటా ఇంట్లో కూర్చుని వేసుకోవచ్చు.

వాల్యూయర్‌ను ఎంచుకునేటప్పుడు ఫీజు ఎలా తీసుకుంటారో ముందే అడగండి. నగకింత అనో, గంటకింత అనో ఉండాలి. విలువలో ఇంత శాతం అంటే వద్దనండి. అంకె పెరిగే కొద్దీ ఆయన ఆదాయం పెరిగే ఏర్పాటు అది. విలువ కట్టి, వెంటనే "నాకే అమ్మేయండి" అనేవాళ్ల దగ్గర కూడా ఆ వాల్యుయేషన్ తీసుకోకండి.

ఎన్నేళ్లకోసారి అంటే, నేను మామూలుగా మూడేళ్లు చెబుతాను. కానీ క్యాలెండర్‌ కన్నా నగలో ఏది ఎక్కువ అన్నదే ముఖ్యం. మీ నెక్లెస్ లాంటిదాంట్లో బంగారం వంతు ఎక్కువ, అందుకే మూడేళ్లు కూడా ఎక్కువ కావచ్చు. ఏటా రెన్యువల్‌కు నెల ముందు, రిపోర్టు తేదీ నాటి బంగారం ధరను ఇప్పటి ధరతో పోల్చండి. తేడా 20 శాతం దాటితే కొత్త విలువ తీసుకోండి. విలువంతా ఒక పెద్ద రాయిలోనే ఉన్న ఉంగరానికి బంగారం ధర పెద్దగా లెక్కలోకి రాదు, మూడు నుంచి ఐదేళ్ల మధ్య చూపించినా ఫర్వాలేదు. మీ పాలసీలో మొత్తం ఏటా కొంత శాతం దానంతటదే పెరిగే ఏర్పాటు ఉండొచ్చు. అది బంగారం ధరను చూసి పెరగదు, ఎప్పుడో నిర్ణయించిన శాతం ప్రకారం పెరుగుతుంది. దాని మీద భరోసా పెట్టుకోకండి.

విలువ ఎప్పుడూ పైకే వెళ్తుందనుకోవద్దు. ల్యాబ్‌లో పెంచిన వజ్రాల ధరలు గత పదేళ్లలో బాగా పడిపోయాయి. కొన్న నాటి బిల్లు మీదే వాటికి ఇన్సూరెన్స్ నడుపుతుంటే, మీరు ఎన్నటికీ అందుకోలేని మొత్తానికి ప్రీమియం కడుతున్నట్టే. పాత కాలంలో సహజ ముత్యాలకు ఇదే జరిగింది. 1917లో న్యూయార్క్‌లోని ఒక పెద్ద భవనాన్ని కార్టియే సంస్థ రెండు పేటల సహజ ముత్యాల హారం, పైన 100 డాలర్లు ఇచ్చి తీసుకుంది. ఆ హారాన్ని అప్పట్లో పది లక్షల డాలర్లుగా లెక్కగట్టారు. తర్వాత సాగు ముత్యాలు మార్కెట్‌ను నింపేశాయి. 1957లో ఆ హారం అమ్మినప్పుడు అందులో ఐదో వంతు కూడా రాలేదు.

కాలంతో పనిలేకుండా వెంటనే చేయించాల్సిన సందర్భాలూ ఉన్నాయి. రాయి మార్చినప్పుడు, నగను విప్పి వేరే నగ చేయించినప్పుడు, ఉంగరం సైజు మార్చి బరువు తేడా వచ్చినప్పుడు, సెట్టును ఇద్దరు పంచుకున్నప్పుడు. ఇక్కడ అంకెతో పాటు వర్ణన కూడా తప్పైపోతుంది. పాలసీలో రాసిన నగ, మీ దగ్గరున్న నగ రెండూ ఒకటి కాకపోతే క్లెయిమ్‌లో మొదటి ప్రశ్నే అక్కడ వస్తుంది.

నగ చూడకుండా, పాత రిపోర్టు మీద అంకె మార్చి ఇచ్చే వాల్యూయర్లు ఉన్నారు. ఏడాది రెండేళ్ల తేడాకు, తన దగ్గరే పూర్తి వివరాలున్న వాల్యూయర్ అలా చేస్తే నాకు అభ్యంతరం లేదు. తొమ్మిదేళ్ల తర్వాత మాత్రం నగ చేతికివ్వాల్సిందే. రాయిని పట్టి ఉంచే లోహపు కొక్కేలు వాడకంతో అరిగిపోతాయి. అరుగుదల వల్ల జరిగే నష్టాన్ని దాదాపు అన్ని పాలసీలూ మినహాయిస్తాయి. అరిగిన కొక్కెం నుంచి రాయి జారిపోతే అది దొంగతనమూ కాదు, ప్రమాదమూ కాదు అని కంపెనీ వాదించవచ్చు. వాల్యూయర్ పది రెట్లు పెద్దదిగా చూపే లూప్‌తో చూసినప్పుడు అరుగుదల కనిపిస్తుంది. అప్పుడే బాగు చేయించి, ఆ రసీదును రిపోర్టుతో పాటు దాచండి.

కొత్త రిపోర్టు చేతికొచ్చాక పని అయిపోయిందని బీరువాలో పెట్టేయకండి. ఈ పొరపాటు మంచి మంచి జాగ్రత్తపరులు కూడా చేయడం చూశాను. వాల్యుయేషన్ మారినంత మాత్రాన పాలసీ మారదు. రిపోర్టును కంపెనీకి పంపి, షెడ్యూలులో కొత్త మొత్తం రాసి ఇచ్చిన ఎండార్స్‌మెంట్ కాగితం వచ్చేదాకా మీ ఇన్సూరెన్స్ పాత అంకె దగ్గరే ఉంటుంది. ఆ కాగితంలో నగ వర్ణన, మొత్తం, తేదీ సరిచూసుకోండి. రిపోర్టు, ఫోటోలు, బిల్లులు, ఎండార్స్‌మెంట్ అన్నిటి కాపీలూ నగలు ఉన్న చోట కాకుండా వేరే చోట ఒకటి ఉంచండి. లాకరుతో పాటు కాగితాలూ పోయిన ఇంటిని చూశాను. ఏం పోయిందో చెప్పడానికే వాళ్లకు నెలలు పట్టింది.

మీది సెట్టు కాబట్టి ఎండార్స్‌మెంట్ అడిగేటప్పుడే జతకు సంబంధించిన నిబంధన కూడా అడిగి తెలుసుకోండి. ఒక్క కమ్మ పోతే కొన్ని పాలసీలు ఆ ఒక్కదాని విలువే ఇస్తాయి, మిగిలిన ఒంటి కమ్మ మీ దగ్గర ఉండిపోతుంది. కొన్ని మాత్రం మిగిలినదాన్ని కంపెనీకి అప్పగిస్తే జత మొత్తానికీ ఇస్తాయి. అందుకే వాల్యుయేషన్‌లో నెక్లెస్‌కు విడిగా, కమ్మల జతకు విడిగా, సెట్టు మొత్తానికి విడిగా విలువ రాయమని ముందే చెప్పండి. ఆ మూడు అంకెలూ ఉంటే, ఏది పోయినా లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో రిపోర్టే చెబుతుంది.